ఒక్క ‘ని’ తేడా

(శ్రీకాకుళంలోని ఒక జిమ్‌లో ఆదివారం ఉదయం ట్రైనర్ సభ్యులతో మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసిన పాఠం.)

కూర్చోండి, కూర్చోండి. బెంచీల మీద చోటు చాలకపోతే మ్యాట్లు వేసుకోండి. ఎవరో ఆ పాట ఆపండి, నా గొంతు అసలే బాగాలేదు.

ఈ ఆదివారం భుజాల వ్యాయామం గురించి చెబుతానని బోర్డు మీద రాశాను. అది వచ్చే వారానికి పోయింది. గురువారం సాయంత్రం ఒక తమ్ముడు నా టేబుల్ దగ్గరకొచ్చాడు. జిమ్‌లో చేరి ఇంకా మూడు వారాలు కాలేదు. కవిటి వైపు కుర్రాడు, ఇక్కడ రూము తీసుకుని చదువుకుంటున్నాడు. చేతిలో నల్ల కవరు. నలుగురూ వెళ్ళిపోయేదాకా ఆగి, కవరులోంచి ఒక డబ్బా తీశాడు. సీలు కూడా తీయలేదు. “అన్నా, ఇది తాగితే కిడ్నీలు పోతాయా?” అన్నాడు.

మామూలుగా ఎవరైనా ఇలా అడిగితే నవ్వి “ఏమీ కాదురా” అనేసేవాణ్ణి. ఆరోజు అనలేకపోయాను. వాళ్ళ పెదనాన్న నాలుగేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నారట. ఇంట్లో ఆయన రిపోర్టులన్నీ వాళ్ళ అక్కే చదివి చెబుతుంది. ఆ అమ్మాయి పండక్కి ఇంటికొచ్చినప్పుడు తమ్ముడి బ్యాగులో ఈ డబ్బా చూసి, పేరు పైకి చదివింది. వాళ్ళమ్మ విని, “ఏట్రా ఇది? మీ పెదనాన్న రక్తంలో పెరిగిపోయిందంటన్నది ఇదే కదా, డబ్బులిచ్చి కొనుక్కుని తాగతావా?” అని ఏడుపు మొదలుపెట్టిందట.

నవ్వకండి. ఆవిడ అన్నది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. డబ్బా మీద ఉన్నది క్రియాటిన్. రిపోర్టులో ఉన్నది క్రియాటినిన్. మధ్యలో ఒక్క ‘ని’ తేడా. కానీ ఆ రెండూ ఏ సంబంధమూ లేని వస్తువులు కావు. మొదటిదే అరిగి రెండోది అవుతుంది. అందుకే ఈ ఊళ్ళో, కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న ఈ జిల్లాలో ఈ సంగతి నోటిమాటతో తేల్చేయకూడదనిపించింది. ఆ తమ్ముడి దగ్గర అనుమతి తీసుకున్నాను. పేరు చెప్పనన్నాను. మీరూ వెతక్కండి.

ముందు ఈ క్రియాటిన్ అంటే ఏంటో చెబుతాను. ఇది బయటి నుంచి వచ్చిన మందు కాదు. మనందరి ఒంట్లో ఇప్పుడు, ఇలా కూర్చున్నప్పుడు కూడా ఉంది. మన కిడ్నీలు, లివరు కలిసి రోజుకు సుమారు ఒక గ్రాము తయారు చేస్తాయి. మాంసం, చేప తినేవాళ్ళకు ఇంకో గ్రాము దాకా తిండిలో వస్తుంది. దీన్ని 1832లో షెవ్రల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మాంసంలోంచి వేరు చేశాడు. ఆ పేరు కూడా మాంసాన్ని చెప్పే గ్రీకు మాటలోంచే పెట్టాడు. డెబ్బై కిలోల మగవాడి ఒంట్లో అంతా కలిపి 120 గ్రాముల దాకా ఉంటుంది, దాదాపు అంతా కండలోనే.

కండలో ఉండి ఏం చేస్తుంది? మీరందరూ పెళ్ళి భోజనాల్లో వడ్డించినవాళ్ళే. బంతి కూర్చుంది, మీ చేతిలో సాంబారు బకెట్టు ఉంది. ఆ బకెట్టు పది విస్తళ్ళు దాటేసరికి ఖాళీ. వంటశాల చూస్తే పందిరి అవతల ఉంది. ప్రతిసారీ అక్కడిదాకా వెళ్ళొస్తే బంతిలో జనం చేతులు ఎండబెట్టుకుని కూర్చుంటారు. అందుకే తెలివైన పెద్దమనిషి ఏం చేస్తాడు? మీ వెనకాలే ఇంకొకణ్ణి నిండు గుండిగతో నిలబెడతాడు. మీ బకెట్టు ఖాళీ అవగానే అక్కడికక్కడే నింపేస్తాడు.

కండ పని చేయడానికి వాడే ఇంధనం పేరు ఏటీపీ. అది మీ చేతిలో బకెట్టు. గట్టిగా బరువెత్తితే రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. వెనకాల గుండిగతో నిలబడ్డవాడు ఫాస్ఫోక్రియాటిన్. అంటే ఫాస్ఫేటును మోస్తున్న క్రియాటిన్. ఖర్చయిన ఏటీపీకి తన ఫాస్ఫేటు ఇచ్చేసి మళ్ళీ పనికొచ్చేలా చేస్తాడు. వాడి గుండిగ ఇంకో ఎనిమిది, పది సెకన్లు వస్తుంది. ఈలోగా వంటశాల, అంటే చక్కెరను, కొవ్వును కరిగించి ఇంధనం చేసే యంత్రాంగం, వేడెక్కి అందుకుంటుంది.

మన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. బార్ నేల వదిలి తల పైన నిలిచేదాకా ఎన్ని సెకన్లు? పట్టుమని పది ఉండవు. నేను పొడి సంగతి చెప్పడం లేదు, ఎవరి కండలోనైనా పుట్టుకతో ఉన్నదాని సంగతి చెబుతున్నాను. అంత తక్కువ సేపట్లో వంటశాల దాకా ఎవరూ వెళ్ళలేరు. బకెట్టూ, వెనక గుండిగా, అంతే.

ఇప్పుడు మీరు డబ్బా కొని రోజూ చెంచా పొడి తాగితే ఏమవుతుందంటే, వెనక నిలబడ్డవాడి గుండిగ కాస్త పెద్దదవుతుంది. సగటున ఐదో వంతు ఎక్కువ పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ, కొందరికి దాదాపు ఏమీ పెరగదు. శాకాహారులకు మొదట్నుంచీ గుండిగ కొంచెం ఖాళీగా ఉంటుంది కాబట్టి వాళ్ళకు తేడా బాగా తెలుస్తుంది. ఎనిమిది రెప్పులకు ఆగిపోయేవాడు తొమ్మిదో పదో తీయగలుగుతాడు. సెట్టుకీ సెట్టుకీ మధ్య తొందరగా కోలుకుంటాడు. నెలల తరబడి ఆ అదనపు రెప్పులు చేస్తే కండ పెరుగుతుంది. గమనించండి, కండ పెంచింది రెప్పులు, పొడి కాదు. డబ్బా కొని ఇంట్లో మంచం మీద పడుకుంటే గుండిగ పెద్దదవుతుంది, బంతే లేదు.

వంటశాల మాత్రం మారదు. అందుకే పొద్దున్నే ఏటి గట్టు మీద నడిచేవాళ్ళకు, గంటసేపు నెమ్మదిగా పరుగెత్తేవాళ్ళకు దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మొన్న ఒక అంకుల్ “నాకూ రాయి” అన్నారు. ఆయన నడక తప్ప ఏమీ చేయరు. డబ్బులు దాచుకోండన్నాను.

స్టెరాయిడ్ కాదా అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాదు. స్టెరాయిడ్ అంటే హార్మోను, అది వేరే దారి. పక్క జిల్లాలో కొండవెలగాడ ఉంది కదా, వెయిట్‌లిఫ్టర్ల ఊరు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. తర్వాత స్వర్ణం గెలిచిన అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోతే సంతోషికి రజతం వచ్చింది. దొరికింది మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులతో. ఆ నిషేధపు జాబితాలో క్రియాటిన్ లేదు. ఆటగాళ్ళు బాహాటంగానే వాడుకుంటారు. ప్రొటీను కూడా కాదు. ప్రొటీన్ ఇటుకలైతే ఇది ఇటుక కాదు, కూలీ చేతిలో కాసింత ఎక్కువ ఓపిక. జుట్టు ఊడుతుందన్న భయం 2009లో దక్షిణాఫ్రికా రగ్బీ కుర్రాళ్ళ మీద చేసిన ఒక చిన్న పరిశోధన నుంచి వచ్చింది. అందులో ఒక హార్మోను పెరిగిందని చూశారు గానీ జుట్టు ఎవరూ లెక్కపెట్టలేదు. దాని గురించి ఇంతకంటే టైము వద్దు. మా నాన్నకు నలభైకే బట్టతల, ఆయన జన్మలో జిమ్ము చూడలేదు.

ఇక అసలు సంగతి, ఆ ‘ని’.

కండలో ఉన్న క్రియాటిన్ ఊరికే ఉండదు. రోజుకు వందలో ఒకటి, రెండు వంతులు దానంతటదే అరిగి క్రియాటినిన్ అవుతుంది. దీన్ని ఒళ్ళు వాడుకోలేదు. అది రక్తంలోకి వచ్చి, కిడ్నీలు వడగడితే మూత్రంలో పోతుంది. విషం కాదు, ఊక లాంటిది అనుకోండి. ధాన్యం ఆడినంతసేపూ ఊక వస్తూనే ఉంటుంది. డాక్టర్లు దీన్నెందుకు చూస్తారంటే, కిడ్నీ ఎంత బాగా వడగడుతోందో నేరుగా చూడటం కష్టం. ఈ ఊక రక్తంలో ఎంత నిలిచిపోయిందో చూసి, కిడ్నీ పని అంచనా వేస్తారు.

చెరువు చూసే ఉంటారు. నీటి మట్టం పెరిగిందంటే తూము మూసుకుపోయి ఉండొచ్చు. లేకపోతే పైన వాన ఎక్కువ పడి ఉండొచ్చు. గట్టు మీద నిలబడి మట్టం ఒక్కటే చూసేవాడికి ఏది జరిగిందో తెలియదు. క్రియాటినిన్ అంకె ఆ మట్టం. తూము కిడ్నీ. కండ ఎక్కువున్నవాడికి వాన ఎక్కువ. నిన్న గట్టిగా వ్యాయామం చేసినవాడికి వాన ఎక్కువ. రాత్రి మాంసం కూర తిన్నవాడికి కూడా, ఎందుకంటే మాంసం ఉడికేటప్పుడు అందులోని క్రియాటిన్ కొంత అక్కడే క్రియాటినిన్ అయిపోతుంది. రోజూ క్రియాటిన్ పొడి తాగేవాడికీ వాన ఎక్కువే. వీటిలో ఏ ఒక్కదానివల్లా తూము చెడలేదు.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు, నా రక్తం ఇచ్చి తెలిసింది. అప్పుడు నాకు 34 ఏళ్ళు, 86 కిలోలు. ఇంటి లోను కోసం ఇన్సూరెన్సు వాళ్ళు పరీక్షలు చేయించుకోమన్నారు. ఆదివారం సాయంత్రం కాళ్ళ వ్యాయామం, రాత్రి అత్తగారింట్లో మటన్, సోమవారం పొద్దున్నే రక్తం ఇచ్చాను. అప్పటికి ఏడాదిగా రోజూ ఐదు గ్రాములు తాగుతున్నాను. రిపోర్టులో క్రియాటినిన్ 1.4. పక్కన హద్దు దాటిందని చిన్న నక్షత్రం గుర్తు. కింద ఈజీఎఫ్ఆర్ అని ఒక లెక్క ఉంటుంది, కిడ్నీ నిమిషానికి ఎంత వడగడుతుందో అంచనా, అది 68 అని వచ్చింది. నాది టెక్కలి. ఆ అంకెలంటే మా వైపు ఇళ్ళలో ఏమనుకుంటారో మీకు తెలుసు. మా ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదు.

మొదట చూపించిన చోట కాగితం అటూ ఇటూ తిప్పి, “కిడ్నీ మొదలైంది, జిమ్ మానెయ్” అన్నారు. ఏం తింటావు, ఏం చేస్తావు అని ఒక్క ప్రశ్న లేదు. రెండోసారి విశాఖలో ఒక కిడ్నీ డాక్టరు దగ్గరకెళ్ళాను. ఆయన కాగితం పక్కన పెట్టి ముందు నా చేతుల వంక చూశారు. “కండ ఉన్నవాడివి. పొడి ఏమైనా తాగుతున్నావా?” అన్నారు. చెప్పాను. ఆయన నాలుగు మాటలు చెప్పారు. నెల రోజులు పొడి ఆపు. పరీక్షకు ముందు రెండు రోజులు బరువులు ముట్టుకోకు. ముందురోజు మాంసం, చేప వద్దు. నీళ్ళు మామూలుగా తాగు, బలవంతంగా బిందెలకొద్దీ తాగకు. అప్పుడు రక్తంలో క్రియాటినిన్‌తో పాటు సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను పోతోందా అన్న పరీక్ష, కడుపు స్కానింగు చేయించమన్నారు.

ఆ సిస్టాటిన్ సి అనేది కూడా కిడ్నీ వడగట్టేదే. కానీ అది ఒంట్లో కండ ఎంత ఉందన్నదాని మీద పెద్దగా ఆధారపడదు. అంటే పైన వాన పడినా పడకపోయినా తూము సంగతి చెప్పే ఇంకో కొలత. నెల తర్వాత నా క్రియాటినిన్ 1.1కి దిగింది. ఈజీఎఫ్ఆర్ 90. సిస్టాటిన్ సి మామూలుగా ఉంది. మూత్రం, స్కానింగు బాగున్నాయి. తూము బాగానే ఉంది, వాన ఎక్కువ పడిందన్నమాట.

ఆయన అప్పుడొక మాట చెప్పారు, అది నాకు ఇప్పటికీ పనికొస్తోంది. “నీకు 1.1 మంచి అంకె. అరవై ఏళ్ళ బక్కపల్చటి ఆడమనిషికి ఇదే 1.1 వస్తే నేను పట్టించుకుంటాను” అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేసి చూశాను. అరవై ఏళ్ళ ఆవిడకు 1.1 అంటే ఈజీఎఫ్ఆర్ 60కి లోపే. ఆమె ఒంట్లో కండ తక్కువ, వాన తక్కువ, అయినా మట్టం అంత ఉందంటే తూము సందేహించాల్సిందే. అందుకే మీ అంకె పక్కవాడి అంకెతో పోల్చి సంతోషపడటం, ఏడవటం రెండూ పనికిరావు.

ఇక్కడిదాకా విని మీలో కొందరు “అయితే క్రియాటినిన్ పెరిగినా భయం లేదు, పొడి వల్లే” అనుకుంటున్నారు. నాకు తెలుసు, ఎందుకంటే మన జిమ్‌లోనే ఒకతను అలా అనుకున్నాడు. ఇప్పుడు ఇక్కడికి రావడం లేదు. సోంపేట దగ్గర పల్లె. ఏడాదిన్నరగా పొడి తాగుతున్నాడు. ఊళ్ళో వైద్య శిబిరం పెడితే పరీక్షలో 1.6 వచ్చింది. వాళ్ళు ఆస్పత్రికి వెళ్ళమంటే నా దగ్గరకొచ్చి, “అన్నా, నీకూ వచ్చింది కదా, పొడి వల్లే కదా” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది, నిజం చెబుతున్నాను. అయినా నెల ఆపి మళ్ళీ చేయించుకోమన్నాను. ఆపాడు. నెల తర్వాత 1.7. దిగలేదు. అతనికి పొడి మొదలుపెట్టక ముందు చేయించిన పరీక్ష ఒక్కటీ లేదు. కాబట్టి ఇది ఎప్పుడు మొదలైందో, ఎంత వేగంగా పెరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. పొడి దాన్ని తెచ్చిందని డాక్టర్లు అనలేదు. పొడి వల్లేనన్న మాట మాత్రం దాన్ని కొన్నాళ్ళు కప్పిపెట్టింది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు.

మన ఉద్దానం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఇంటికో డయాలసిస్ కథ. షుగరు లేనివాడికి, బీపీ లేనివాడికి కూడా అక్కడ కిడ్నీ జబ్బు వస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఆ జబ్బులో ఇంకో చిక్కుంది. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో మూత్రంలో ఆల్బుమిన్ ముందే కనిపిస్తుంది. ఇలాంటి కారణం తెలియని జబ్బులో చాలాసార్లు అది పెద్దగా కనిపించదు. మనిషికి వాపు ఉండదు, నొప్పి ఉండదు. కాబట్టి అక్కడి మనిషికి జబ్బు ముందుగా పట్టిచ్చేది చాలావరకు ఈ క్రియాటినిన్ అంకే. అదే అంకెను పైకి నెట్టే పొడి మనమే తాగితే, ఇంటికి కాపలా ఉన్న కుక్క ఊరికే మొరగడం అలవాటు చేసినట్టు. రేపు దొంగ వచ్చి మొరిగినా ఎవరూ లేవరు.

నా భయం ఇదీ. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీని రోజుకు మూడు నుంచి ఐదు గ్రాముల క్రియాటిన్ పాడు చేయదని చాలా పరిశోధనల్లో తేలింది. ఆ మాట మీద నాకు సందేహం లేదు. కానీ “ఆరోగ్యంగా ఉన్న” అన్న మాట ముందు పరీక్షలో తేలాలి, ఊహించుకుంటే చాలదు. కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉన్నవాడు డాక్టరు చెప్పకుండా ఈ డబ్బా ముట్టుకోకూడదు.

కాబట్టి తమ్ముడూ, నువ్వు ఎక్కడ కూర్చున్నావో నేను చూడటం లేదులే. రేపు సోమవారం కదా, రేపు వద్దు. ఇవాళ మీరంతా బరువులెత్తారు, మధ్యాహ్నం ఎవరింట్లో ఏముందో వాసనే చెబుతుంది. బుధవారం పెట్టుకో. రేపు, ఎల్లుండి జిమ్‌కి రాకు. మంగళవారం పప్పు, కూరగాయలు తిను. బుధవారం పొద్దున రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఏసీఆర్ అని రాసే ఆల్బుమిన్ పరీక్ష చేయించు. బీపీ చూపించు. ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరకెళ్ళి మొదటి మాట “మా పెదనాన్నకు డయాలసిస్ జరుగుతోంది, మాది కవిటి వైపు” అని చెప్పు. రెండో మాట “క్రియాటిన్ వాడదామనుకుంటున్నాను” అని చెప్పు. ఆ వరస మార్చకు. ఆ కాగితం ఫోనులో ఫోటో తీసి పెట్టుకో, అసలుది పారేయకు. రేపెప్పుడైనా అంకె మారితే, దేనితో పోల్చాలో నీకు ఉంటుంది.

ఆయన వద్దంటే వద్దు. ఏమీ నష్టం లేదు. మూడు వారాల వాడివి, నీకు గుండిగ సమస్య కాదు, ఇంకా వడ్డించడమే రాదు. స్క్వాట్‌లో మడమలు లేస్తున్నాయి. కొత్తగా చేరినవాడికి మొదటి ఆరు నెలలు ఏ పొడీ లేకుండానే బలం పెరుగుతుంది.

ఆయన సరేనంటే ఎలా తాగాలో అందరికీ కలిపి చెప్పేస్తాను. రోజుకు మూడు గ్రాములు చాలు, బరువైన మనిషికి ఐదు. డబ్బాలోని స్కూపు మూడుదా, ఐదుదా అని లేబుల్ మీద చూడండి, కుప్పగా కాదు, అంచుకు సమంగా. మొదటి వారం రోజుకు ఇరవై గ్రాములు తాగాలని చెప్పే పద్ధతి ఒకటుంది. దానివల్ల వారంలో నిండే గుండిగ, రోజుకు మూడు గ్రాములతో నాలుగు వారాల్లో నిండుతుంది. అంతే తేడా. అంత తొందర దేనికి? మన జిమ్‌లో ఒకడు ఆ ఇరవై ఒకేసారి షేకర్‌లో కలిపి తాగి, స్క్వాట్ ర్యాకు నుంచి నేరుగా బాత్‌రూముకి పరుగెత్తాడు. ఎవరో అడగొద్దు, ఇక్కడే ఉన్నాడు.

ఏ పూట తాగినా ఒకటే. కలిపిన వెంటనే తాగేయండి. నీళ్ళలో కలిపి గంటల తరబడి ఉంచితే అది నెమ్మదిగా సీసాలోనే క్రియాటినిన్ అవుతుంది. మొదటి వారాల్లో కిలో, కిలోన్నర బరువు పెరగొచ్చు. అది కొవ్వు కాదు, ముఖం వాపు కాదు, కండ లోపలికి చేరిన నీరు. మానేస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో గుండిగ పాత సైజుకి వస్తుంది, ఒళ్ళు తన గ్రాము తాను తయారు చేసుకుంటూనే ఉంటుంది. మోనోహైడ్రేట్ అని రాసినదే కొనండి. దానికంటే మూడింతలు ధర పెట్టి వేరే పేర్లతో అమ్మేవాటిలో ఎక్కువ గుణమేదీ తేలలేదు. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు 14 అంకెలు ఉండాలి, తయారీ తేదీ ఉండాలి, సీలు ఉండాలి. పద్దెనిమిది నిండనివాళ్ళకు నేను ఇవ్వను, మా అబ్బాయికీ ఇవ్వను.

ఎవరో చెయ్యెత్తారు. ఆ, చెప్పండమ్మా. చేపలోనే వస్తుంది కదా, డబ్బా ఎందుకు అంటున్నారు. వస్తుంది. కిలో పచ్చి చేపలో మూడు నుంచి ఐదు గ్రాములు ఉంటుంది, చేపను బట్టి. రోజూ కిలో చేప తినగలిగితే డబ్బా అక్కర్లేదు, ఆ ఖర్చుకి డబ్బాయే చవక. ఎప్పటిలా తిన్నా మీకు సగం గుండిగ పైనే నిండి ఉంటుంది.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను, ఇది క్రియాటిన్ కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది. పోయిన నెల లాకర్ల కింద ఊడుస్తుంటే నొప్పి మాత్రల ఖాళీ అట్టలు తొమ్మిది దొరికాయి. డైక్లోఫెనాక్, అలాంటివే. భుజం నొప్పి అని మింగి, మళ్ళీ బెంచి ప్రెస్ చేస్తున్నారు. ఆ మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తం తగ్గిస్తాయి. ఎండలో చెమట కారి, నీళ్ళు సరిగా తాగక, ఆ పైన రోజుల తరబడి ఇవి మింగితే తూముకే దెబ్బ. క్రియాటిన్‌కి భయపడి డబ్బా దాచుకునే కుర్రాడే, ఆ మాత్ర జేబులో వేసుకుని తిరుగుతాడు. నొప్పి ఉంటే నాకు చెప్పండి, ఆ రోజు ఆ వ్యాయామం ఆపేద్దాం.

తమ్ముడూ, నీ డబ్బా నా టేబుల్ సొరుగులో ఉంది. గడువు ఇంకా రెండేళ్ళు పైనే ఉంది, పాడవదు. బుధవారం రిపోర్టు తీసుకుని, డాక్టరు రాసింది తీసుకుని రా. అమ్మగారికి ఫోను కలుపు, నేను మాట్లాడతాను. ఆ ‘ని’ సంగతి ఆవిడకి మన భాషలో నేనే చెబుతాను. డాక్టరు వద్దంటే డబ్బా కొన్న షాపులో సీలు తీయలేదని చెప్పి మార్పించే పూచీ నాది.

సరే, ఫ్యాన్లు ఆపకండి. ప్లేట్లు ఎవరు తీశారో వాళ్ళే ర్యాకులో పెట్టి వెళ్ళండి.